అందానికి ఏ మాట? పద్యంలో, శుభాకాంక్షలో సరైన పదం ఎంచుకోవడం ఎలా

"అందం అన్న మాట వాడీ వాడీ అరిగిపోయింది, దాని బదులు ఇంకేం వాడొచ్చు?" ఈ ప్రశ్న పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మరీ ఎక్కువగా వినిపిస్తుంది. అడిగేవాళ్లు సాధారణంగా ఒక పర్యాయపదాల పట్టిక ఆశిస్తారు. సొగసు, సోయగం, సొంపు, లావణ్యం, హొయలు, వయ్యారం, శోభ, కళ అని వరసగా చెప్తే అందులోంచి చెవికి ఇంపుగా ఉన్నది తీసుకుని అతికించేస్తారు. తేడా వచ్చేది అక్కడే. ఇవన్నీ అందం చుట్టూ తిరిగే మాటలే అయినా ఒకదాని చోట ఒకటి కూర్చోవు. చెల్లెలికి రాసిన కార్డులో "వయ్యారం" అన్న మాట పడితే చదివినవాళ్లు పైకి ఏమీ అనకపోవచ్చు, లోపల మాత్రం ఇబ్బంది పడతారు.

అందుకే పట్టిక ఇచ్చి ఊరుకోకుండా, మాటని ఎలా ఎంచుకోవాలో చెప్తాను. చివర్లో ఒక ఆటవెలదిని మొదటి చిత్తు నుంచి తుది రూపం దాకా కలిసి చూద్దాం.

కావలసినవి

ఒక కాగితం. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు గానీ, కొట్టివేతలు కనబడుతూ ఉంటే మేలు.

ఒక నిఘంటువు. పద్యం రాసేవాళ్లకి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం బాగా పనికొస్తుంది. అది 1885 నాటిది కాబట్టి ఒక మాట పాత అర్థం అందులో దొరుకుతుంది. ఇవాళ జనం ఆ మాటని ఏ అర్థంలో వాడుతున్నారో మాత్రం మీ చుట్టుపక్కల వాళ్ల నోట వినాల్సిందే.

పైకి చదివితే వినడానికి ఒక మనిషి. వీలైతే మీరు రాస్తున్న మనిషిని ఎరిగినవాళ్లయితే మంచిది.

1. మీకు అందంగా అనిపించింది ఏమిటో మామూలు వాక్యంలో రాయండి

"ఆమె చాలా అందంగా ఉంటుంది" అని రాస్తే పని కాదు. క్రియ ఉన్న వాక్యం రాయండి. "నవ్వితే ముఖమంతా వెలిగిపోతుంది." "నడుస్తుంటే చూడాలనిపిస్తుంది." "చీర కుచ్చిళ్లు ఒక్కటి కూడా చెదరకుండా కడుతుంది." "ఆవిడ వచ్చి కూర్చుంటే ఆ గదికే నిండుదనం వస్తుంది." ఇలా రాస్తే మీకు కావలసిన మాట ఏ గుంపులో ఉందో ఆ క్రియే చెప్పేస్తుంది. వెలగడం, నడవడం, కట్టుకోవడం, నింపడం, ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు మాటలు కావాలి.

ఈ వాక్యం రాయలేకపోతే మీకు తట్టనిది మాట కాదు, విషయం. అలాంటప్పుడు ఇంకాసేపు ఆ మనిషి గురించి ఆలోచించండి, నిఘంటువు తర్వాత తెరవొచ్చు.

2. ఆ అందం ఎక్కడ ఉందో చూసి గుంపు ఎంచుకోండి

రూపంలో ఉంటే: చక్కదనం. ముక్కూ మొహం, కన్నూ చెంపా ఎక్కడిది అక్కడ అమరడం దీని అసలు భావం. "చక్కదిద్దడం", "చక్కగా సర్దడం" అన్న మాటల్లోనూ ఆ అమరికే కనిపిస్తుంది. "చక్కనమ్మ చిక్కినా అందమే" అనే సామెత ఈ మాట మీదే నిలబడింది: అమరిక బాగుంటే బరువు తగ్గినా తేడా రాదు. ఈ మాటలో గౌరవం ఉంది, చనువు కూడా ఉంది. పసిపిల్లకీ, పెళ్లికూతురికీ, గుడిలో అమ్మవారికీ "చక్కని తల్లి" అనే అంటాం. ఎటూ తేలనప్పుడు ఈ మాట దగ్గరే ఆగండి, దాదాపు ఎవరి విషయంలోనూ తప్పు పోదు.

తీర్చిదిద్దుకోవడంలో ఉంటే: సొగసు. ఇందులో శ్రద్ధ ఉంటుంది, నలుగురూ చూడాలన్న కోరిక కూడా కాస్త ఉంటుంది. సొగసైన కట్టు, సొగసైన అక్షరాలు, సొగసుగా అల్లిన జడ బాగుంటాయి. అదే మాట బహువచనంలోకి వెళ్లి "సొగసులు పోతోంది" అయితే దెప్పిపొడుపు అవుతుంది. మనిషి చేసిన పనికి సొగసు చెప్తే మెచ్చుకోలు, మనిషికే చెప్తే కొంచెం సరసం.

కదలికలో ఉంటే: హొయలు, వయ్యారం, కులుకు. నిలబడి ఉన్న మనిషిలో ఇవి కనిపించడం అరుదు. నడకలో, మెడ తిప్పడంలో, నడుము ఊగడంలో ఉంటాయి. ఏటి ప్రవాహానికీ, గాలికి ఊగే వరి చేనుకీ, నర్తకి అడుగుకీ నిర్భయంగా వాడొచ్చు. "వయ్యారాలు పోతోంది" అన్నప్పుడు వెటకారం వస్తుందని కూడా గమనించండి, ఈ మాటకి ఆ వంక ఎప్పుడూ ఉంది. మనిషికి వాడేముందు మూడో మెట్టు చదవండి.

వెలుగులో ఉంటే: కళ, లావణ్యం, శోభ. ఈ మూడింటినీ కలిపేస్తుంటారు కాబట్టి కొంచెం ఆగుదాం.

కళ వస్తుంది, పోతుంది. "ముఖంలో కళ తప్పింది", "పెళ్లికళ వచ్చేసింది", "ఇల్లు కళకళలాడుతోంది" అంటాం. అందువల్ల ఒక రోజుకీ ఒక సందర్భానికీ ఇంత చక్కగా సరిపోయే మాట ఇంకోటి లేదు. పుట్టినరోజు, పెళ్లి, కొత్త ఉద్యోగం, జబ్బు నుంచి కోలుకోవడం, వీటన్నిటికీ నేను మొదట చూసేది ఈ మాట వైపే. వయసుతో దీనికి పని లేదు, ఎనభై ఏళ్ల ముఖంలోనూ కళ ఉంటుంది.

లావణ్యం ఒంటిలోంచి వచ్చే నిగారింపు. ముత్యం లోపల కదిలినట్టుండే తళుకు లాంటిది ఒంటిలో కనిపిస్తే అది లావణ్యమని పాత లక్షణకారులు చెప్పారు. అంటే ఇది రూపం అమరిక గురించీ కాదు, నగల గురించీ కాదు. యౌవనానికి దగ్గరి మాట. భవనాలకీ, సభలకీ, అక్షరాలకీ పెడితే అతకదు. దేవతా స్తుతిలో చక్కగా నప్పుతుంది.

శోభ ఒక చోటుని పట్టుకుని ఉంటుంది. ఒకటి వచ్చి ఇంకోదాన్ని వెలిగించడం శోభ: తోరణం గుమ్మానికి శోభ, పెద్దలు సభకు శోభ. పెద్దవాళ్లని, అతిథుల్ని, గురువుల్ని మెచ్చుకోవడానికి ఇది హాయిగా సరిపోతుంది, ఎందుకంటే వాళ్ల ఒంటి గురించి ఒక్క మాట కూడా అనకుండానే మెచ్చుకోవచ్చు.

చూసేవాళ్ల మనసులో ఉంటే: ముద్దు, ముచ్చట, మనోహరం, రమణీయం. మొదటి రెండూ ఇంటి మాటలు, చిన్నవాళ్ల కోసం. "కాకి పిల్ల కాకికి ముద్దు" అన్నప్పుడు పిల్ల రూపం గురించి ఎవరూ మాట్లాడటం లేదు కదా, తల్లి మనసు గురించే. తర్వాతి రెండూ ప్రకృతికీ దృశ్యానికీ బాగుంటాయి. మనిషికి వాడితే ఉపన్యాసంలా వినిపిస్తాయి.

3. మీకూ వాళ్లకూ ఉన్న వరసతో సరిచూడండి

ఎక్కువ తప్పులు దొర్లేది ఈ మెట్టులోనే. మాట అర్థం సరిగ్గా ఉండొచ్చు, చెప్పేవాడి నోట మాత్రం తప్పవుతుంది.

వయ్యారి, సొగసరి, హొయలు, కులుకు, సోయగం అనే మాటలు మనిషి గురించి చెప్పినప్పుడు ప్రేమికులవి, ఆలుమగలవి. మేనత్త కూతురో మరదలో అయితే వరస ఉంది కాబట్టి సరసంగా చెల్లొచ్చు, అదీ అవతలి మనిషికి ఆ చనువు ఇష్టమైతేనే. అక్కచెల్లెళ్లకీ, కోడలికీ, టీచరుకీ, ఆఫీసులో తోటివాళ్లకీ వద్దు. వాళ్లకి చక్కదనం, కళ, శోభ ఉన్నాయి.

పిల్లలకి ముద్దు. పెద్దవాళ్లకి మాత్రం "ముద్దుగా ఉన్నారు" అనకండి, వాళ్లని పసిపిల్లల్ని చేసినట్టుంటుంది. బాగా పెద్దవాళ్లకి నిండుదనం, కళ, శోభ సరిపోతాయి.

మగవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలామంది చేతులెత్తేస్తారు. "అందగాడు" బావకీ, స్నేహితుడికీ, పెళ్లికొడుకుకీ బాగుంటుంది. మామగారికీ, పై అధికారికీ అయితే ఠీవి, హుందాతనం. "సొగసుకాడు" అంటే షోకులకు పోయేవాడన్న వాసన ఉంది, సరదాకి తప్ప వద్దు.

మరో రెండు మాటల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. శృంగారం అంటే ఒకప్పుడు అలంకారం అనే అర్థమూ ఉండేది, ఇప్పుడు వినేవాళ్లకి తోచేది వేరు. అలంకారం అనే అర్థం కావాలంటే "సింగారం" అనండి. అలాగే శోభనం అంటే మంగళం అని నిఘంటువు చెప్తుంది, చెవికి వినపడేది మొదటి రాత్రి. "శోభన శుభాకాంక్షలు" అని పెళ్లి కార్డు మీద రాయకండి.

4. ఇరుగుపొరుగు మాటలతో పొత్తు కుదిరిందేమో చూడండి

సంస్కృతం నుంచి వచ్చిన మాట పక్కన సంస్కృతం మాటనీ, తెలుగు మాట పక్కన తెలుగు మాటనీ కలిపి సమాసం చేయడం క్షేమం. "ముఖసౌందర్యం" బాగుంది, "మోము సొగసు" బాగుంది. "ముఖసొగసు" అంటే పళ్ల కింద రాయి పడుతుంది. దీన్నే వైరి సమాసం అంటారు. విడివిడిగా వాడితే ఈ గొడవ లేదు: "ముఖంలో సొగసు" అనొచ్చు.

మామూలు మెసేజ్‌లో అయితే ఇంకో జాగ్రత్త. "హ్యాపీ బర్త్‌డే అక్కా" అని మొదలుపెట్టి వెంటనే "నీ అనుపమ సౌందర్య లావణ్యములు" అని రాస్తే మొదటి వాక్యం ఒకరూ రెండోది ఇంకొకరూ రాసినట్టుంటుంది. మీరు ఆ మనిషితో ఎలా మాట్లాడతారో అదే వరసలో ఉన్న మాట తీసుకోండి. చెలువం, చెన్ను లాంటి మాటలు పద్యంలో వెలుగుతాయి, మెసేజ్‌లో అర్థం అడిగించుకుంటాయి.

5. పద్యం అయితే గణం చూసుకోండి (వచనం రాసేవాళ్లు ఇది వదిలేయొచ్చు)

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్య గణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరం. గురువుని గ, లఘువుని ల అనుకుంటే మన మాటలు ఇలా పడతాయి:

సూర్య గణంలో ఒదిగేవి: సొగసు, హొయలు, కళలు (లలల). శోభ, వన్నె, సొంపు, ముద్దు (గల).

ఇంద్ర గణంలో ఒదిగేవి: అందము, సుందర, చక్కని, సోయగ (గలల). లావణ్య, సౌందర్య, వయ్యారి (గగల). చెలువము (లలలల). రమణీయ (లలగల).

ఇక్కడ అందరూ పడే గొయ్యి సున్న. "అందము" గలల, అదే "అందం" అని రాస్తే గగ. పైకి చదివినప్పుడు పెద్ద తేడా తెలియదు, గణం మాత్రం తప్పుతుంది.

యతి కుదరడం లేదని మంచి మాటని వదిలేసి పక్క మాట పెట్టడం రెండో తప్పు. "కళ" కావలసిన చోట యతి కోసం "సొగసు" పెట్టకండి. పాదం మొదట్లో ఉన్న మాటని మార్చండి. అక్కడ మార్చుకోవడానికి ఎప్పుడూ ఎక్కువ వెసులుబాటు ఉంటుంది.

6. ఒక ఉదాహరణ, చిత్తు నుంచి తుది దాకా

చెల్లెలి పెళ్లికి అన్నయ్య ఒక ఆటవెలది రాస్తున్నాడనుకుందాం. మొదటి చిత్తులో రెండు పాదాలు ఇలా వచ్చాయి:

ముద్దు చెల్లి! నీదు మోము వయ్యారము
సొగసులొలికె నేడు సోయగాన

గణాలు విడదీస్తే: ముద్దు, చెల్లి, నీదు (గల మూడుసార్లు), మోమువ (గలగ), య్యారము (గలల). రెండో పాదం: సొగసు, లొలికె (లలల), నేడు, సోయ, గాన (గల). యతులు ము-మో, సొ-సో. ఛందస్సు పరంగా వేలు పెట్టడానికి లేదు. అయినా పద్యం నిలబడలేదు.

మొదటి కారణం, వయ్యారం నడకలో ఉంటుంది, మోములో కాదు. రెండోది, అది అన్నయ్య నోట రావలసిన మాట కాదు. మూడోది, రెండో పాదంలో సొగసూ సోయగమూ పక్కపక్కనే వచ్చాయి. సోయగాన సొగసులు ఒలకడం అంటే అందంలో అందం ఉందని చెప్పడమే. ఇంతా చేసి చెల్లెలి గురించి ఒక్క ముక్క తెలియలేదు.

ఇప్పుడు మొదటి మెట్టుకి వెళ్లి వాక్యం అడుగుదాం. అన్నయ్య చెప్పేది ఇది: "పెళ్లి కుదిరినప్పటి నుంచి దాని ముఖం వెలిగిపోతోంది. అది ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో సందడే." మొదటి వాక్యంలో కొత్తగా వచ్చిన వెలుగు ఉంది కాబట్టి కళ. రెండో వాక్యంలో ఇల్లు ఉంది కాబట్టి శోభ. "ముద్దు" చిన్నదానికి అన్నయ్య చెప్పే మాట, అది ఉండాల్సిందే. మూడు మాటలూ మూడు వేరు పనులు చేస్తాయి:

ముద్దు చెల్లి! నీదు మోమున పెళ్లితో
వచ్చు కొత్త కళయె వన్నె పెంచె;
ఇంటనెల్ల శోభ యిమ్ముగా నింపుచు
నిండు మనసుతోడ నిలువుమమ్మ!

మొదటి పాదంలో మోమున (గలల), పెళ్లితో (గలగ) ఇంద్ర గణాలు. మూడో పాదంలో యిమ్ముగా (గలగ), నింపుచు (గలల). మిగిలినవన్నీ సూర్య గణాలే. యతులు ము-మో, వ-వ, ఇ-యి, ని-ని. "కళయె" దగ్గర నాకు కొంచెం బిగువు తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ "సొగసె" అని మారిస్తే గణం, యతి రెండూ చెడవు, భావం మాత్రం పోతుంది: పెళ్లితో వచ్చేది కళ. అందుకే ఉంచాను.

పద్యం వద్దనుకుంటే ఇదే సరుకు వచనంలోకి తేలిగ్గా వస్తుంది: "చెల్లీ, పెళ్లికళ అంటే ఏమిటో నీ ముఖం చూశాక తెలిసింది. వెళ్లే ఇంటికి కూడా ఇదే శోభ తీసుకెళ్లు." అమ్మ అరవయ్యో పుట్టినరోజు అయితే: "అమ్మా, నువ్వు వాకిట్లో నిలబడితేనే మన ఇంటికి నిండుదనం." ఇందులో అందం అన్న మాట లేనే లేదు, అయినా చెప్పదలచుకున్నది అదే.

7. పంపేముందు సరిచూసుకోండి

మాట మార్చి చూడండి. మీరు పెట్టిన మాట తీసేసి "అందం" పెట్టండి. అర్థం ఏమీ తగ్గకపోతే మీ మాట అలంకారానికి కూర్చున్నట్టే. "పెళ్లి అందం వచ్చింది" అంటే ఎలాగో ఉంది కదా, అంటే అక్కడ కళ తన పని తాను చేస్తోంది.

మనిషిని మార్చి చూడండి. అదే వాక్యం వాళ్ల అమ్మకో, పక్కింటి అమ్మాయికో పంపినా అచ్చంగా అతికితే ఇంకా ఏదో ఒక వివరం కావాలి.

లెక్క చూడండి. నాలుగు పాదాల పద్యంలో అందం జాతి మాటలు రెండు మూడు దాటితే ఒకటి తీసేయండి. ఎక్కువగా తీసేయాల్సింది విశేషణమే అవుతుంది. రెండు వాక్యాల మెసేజ్‌కి ఒకటి చాలు.

ఎదుట ఒకరిని కూర్చోబెట్టి పైకి చదవండి. వాళ్లు ఏ మాట దగ్గర నవ్వినా, కళ్లు పైకెత్తినా ఆ మాట కింద గీత గీయండి. అర్థం సరైనదే అని వాదించకండి, కార్డు అందుకునే మనిషికి వివరణ ఇవ్వడానికి మీరు పక్కన ఉండరు.

చివరగా ఒత్తులు. ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు ద, ధ తారుమారు అవుతుంటాయి. "సౌందర్యం"లో ద, "సౌంధర్యం" తప్పు. "లావణ్యం"లో ణ, "లావన్యం" తప్పు. అన్నిటికంటే ముందు చూసుకోవలసింది "అందం". దానికి ఒత్తు పెట్టి "అంధమైన నీ కళ్లు" అని పంపితే గుడ్డి కళ్లు అని అర్థం, ఫోన్‌లోని ఆటో కరెక్ట్ దాన్ని తప్పుగా పట్టుకోదు, ఎందుకంటే అదీ మాటే.